వ్యాపారం మూసివేశాక జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు కోరుతూ పన్నుల కార్యాలయానికి లేఖ: తేదీలు, సరుకు లెక్క, చివరి రిటర్ను

దుకాణం మూసివేసిన వ్యాపారి జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయమని రాసే లేఖలో ప్రధానంగా రెండు విషయాలు తేలాలి. వ్యాపారం ఏ తేదీన ఆగిపోయింది, ఆగిపోయేనాటికి చేతిలో ఎంత సరుకు మిగిలింది. ఈ రెండూ పోర్టల్‌లో పెట్టే దరఖాస్తులో, లేఖలో, నెలవారీ రిటర్నులో, రద్దు తర్వాత వేసే చివరి రిటర్నులో ఒకే విధంగా ఉంటే రద్దు ఉత్తర్వు సాధారణంగా ఇబ్బంది లేకుండా వస్తుంది. ఒకచోట ఒక తేదీ, మరోచోట మరో తేదీ ఉంటే అధికారి వివరణ అడుగుతారు, సరుకు లెక్క పొంతన లేకుంటే ఆ తర్వాత పన్ను నోటీసు కూడా రావచ్చు. అందువల్ల లేఖ రాయడానికి కూర్చునే ముందే ఈ రెండింటినీ ఖరారు చేసుకోవాలి.

మొదట ఒక అపోహ తొలగించుకోవడం అవసరం. కాగితం మీద లేఖ రాసి కార్యాలయంలో ఇచ్చినంత మాత్రాన రద్దుకు దరఖాస్తు చేసినట్లు కాదు. కేంద్ర జీఎస్టీ, అంటే సీజీఎస్టీ నిబంధనల్లోని 20వ నిబంధన ప్రకారం దరఖాస్తును జీఎస్టీ పోర్టల్‌లో REG-16 ఫారంలోనే, రద్దుకు కారణమైన సంఘటన జరిగిన 30 రోజుల లోపల పెట్టాలి. లేఖ ఆ దరఖాస్తుకు తోడుగా నిలుస్తుంది. ఫారంలోని చిన్న చిన్న గడుల్లో చెప్పలేని పరిస్థితిని అది వివరిస్తుంది, అధికారి సందేహం అడిగినప్పుడు జవాబుతో జతచేయడానికి పనికొస్తుంది, దరఖాస్తు నంబరు వేసి కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకుంటే మన దగ్గర ఒక రుజువు మిగులుతుంది. లేఖ ఇచ్చేశాం కదా అని పోర్టల్ పని వదిలేసినవారి రిజిస్ట్రేషన్ సజీవంగానే ఉంటుంది, నెలనెలా రిటర్ను బాధ్యత కూడా కొనసాగుతుంది. అమ్మకాలు లేని నెలకు వేయాల్సిన నిల్ రిటర్ను ఆలస్యమైనా రోజుకు 20 రూపాయల చొప్పున, ఒక్కో రిటర్నుకు గరిష్ఠంగా 500 రూపాయల దాకా ఆలస్య రుసుము పడుతుంది.

లెక్కలు స్పష్టంగా కనిపించడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలిలో ఫ్యాన్లు, వైర్లు, స్విచ్‌లు అమ్మే ఒక ఎలక్ట్రికల్ దుకాణం ఉందనుకుందాం. యజమాని ఒక్కరే, సొంత పాన్ మీద రిజిస్ట్రేషన్ ఉంది, నెలనెలా రిటర్నులు వేస్తున్నారు, అమ్మే సరుకంతా 18 శాతం పన్నులో ఉంది. 2025 అక్టోబరు నెలతో దుకాణం ఎత్తివేయాలని ఆయన నిర్ణయించుకున్నారు.

తేదీని నిర్ణయించుకోవడం

సీజీఎస్టీ చట్టం 29వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం, రద్దు అమలులోకి వచ్చే తేదీకి ముందురోజు చేతిలో ఉన్న సరుకు మీద పన్ను లెక్క వేయాలి. ఈ ఒక్క మాటను గమనించకపోవడం వల్లే చాలా దరఖాస్తుల్లో తికమక మొదలవుతుంది. అక్టోబరు 31న సాయంత్రం దాకా అమ్మకాలు చేసి, రద్దు తేదీని కూడా అక్టోబరు 31 అని రాస్తే, చట్టం అక్టోబరు 30 నాటి సరుకు లెక్క అడుగుతుంది, కానీ ఆ తర్వాత ఒక రోజు అమ్మకాలు మన బిల్లు పుస్తకంలో ఉంటాయి. పైగా రద్దు కోరిన తేదీ నాడే పన్ను బిల్లులు రాసినట్లు కనిపిస్తుంది.

కాబట్టి తెనాలి వ్యాపారి చేయదగిన పని ఇది. అక్టోబరు 30న చివరి బిల్లు రాయాలి, ఆ రాత్రే సరుకు లెక్కించుకోవాలి, 31 నుంచి దుకాణం మూసి ఉంచాలి, రద్దు తేదీగా 31 అక్టోబరు 2025 కోరాలి. అప్పుడు సరుకు లెక్క తేదీ, చట్టం అడిగే తేదీ ఒకటే అవుతాయి. నెలాఖరు కావడం వల్ల అక్టోబరు రిటర్నే నెలవారీ రిటర్నుల్లో చివరిది అవుతుంది, నవంబరుకు మరో రిటర్ను అవసరమా అనే ప్రశ్న రాదు. రద్దు తేదీని నెల మధ్యలో పెట్టుకోవాల్సిన బలమైన కారణం ఏదీ లేకపోతే నెలాఖరునే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

30 రోజుల గడువు అక్టోబరు 31 నుంచి లెక్కిస్తే నవంబరు 30తో ముగుస్తుంది. అక్టోబరు నెలకు అమ్మకాల వివరాలు చూపే GSTR-1 నవంబరు 11 లోపల, పన్ను కట్టే GSTR-3B నవంబరు 20 లోపల వేయాలి. ఈ రెండూ వేసి, పన్ను కట్టి, నవంబరు 22 ప్రాంతంలో REG-16 పెడితే గడువు లోపలే ఉంటాం, పెండింగ్ రిటర్ను ఉందనే అభ్యంతరానికి కూడా తావుండదు. పాత నెలల రిటర్నులు ఏవైనా ఆగిపోయి ఉంటే వాటిని కూడా ఈలోగా పూర్తిచేయాలి. సరుకు తిరిగి పంపిన కొనుగోలుదారులకు ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్లు ఉంటే వాటిని కూడా ఈ అక్టోబరు రిటర్నులోనే చూపించాలి, ఎందుకంటే ఆ తర్వాత చూపించడానికి మరో నెల ఉండదు.

సరుకు మీద కట్టాల్సిన పన్ను

వ్యాపారి సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా ఇదివరకే తీసుకుని ఉంటారు. ఆ సరుకును పన్ను వేసి అమ్మకుండానే రిజిస్ట్రేషన్ వదిలేస్తే, తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. మిగిలిన సరుకు మీద తీసుకున్న క్రెడిట్ ఎంత, అదే సరుకును ఈరోజు అమ్మితే పడే పన్ను ఎంత అని రెండు విధాలుగా చూసి, ఏది ఎక్కువైతే అది కట్టాలి.

తెనాలి దుకాణంలో అక్టోబరు 30 రాత్రికి మిగిలిన సరుకు కొనుగోలు విలువ, పన్ను కాకుండా, 2,40,000 రూపాయలు అనుకుందాం. 18 శాతం లెక్కన దాని మీద తీసుకున్న క్రెడిట్ 43,200. పాత మోడళ్లు కావడంతో ఇప్పుడు మార్కెట్‌లో 2,00,000 మాత్రమే పలుకుతాయనుకుంటే, అమ్మకం మీద పడే పన్ను 36,000. వీటిలో ఎక్కువైన 43,200 కట్టాలి. ధర పడిపోయింది కాబట్టి తక్కువే కడతానంటే చట్టం ఒప్పుకోదు.

బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటర్ వంటి మూలధన వస్తువులకు లెక్క వేరు. 44వ నిబంధన ప్రకారం వాటి ఆయుష్షును 5 సంవత్సరాలుగా, అంటే 60 నెలలుగా తీసుకుని, మిగిలిన నెలలకు తగ్గ క్రెడిట్‌ను మాత్రమే వెనక్కి కట్టాలి. మిగిలిన ఆయుష్షును లెక్కించేటప్పుడు నెలలో కొన్ని రోజులు మిగిలితే వాటిని వదిలేస్తారు. ఈ వ్యాపారి 2022 జూలై 1న 60,000 రూపాయలకు కంప్యూటర్, ప్రింటర్ కొని 10,800 క్రెడిట్ తీసుకున్నారనుకుందాం. అక్టోబరు 30కి మిగిలిన ఆయుష్షు 20 నెలలు. 10,800ను 60తో భాగించి 20తో గుణిస్తే 3,600 వస్తుంది. వాటిని ఇప్పుడు 15,000కు అమ్మితే పడే పన్ను 2,700. ఇక్కడా ఎక్కువైన 3,600 కట్టాలి.

రెండూ కలిపితే 46,800. ఇందులో సగం, అంటే 23,400 కేంద్రానికి, 23,400 రాష్ట్రానికి చెందుతుంది. పోర్టల్‌లో మన క్రెడిట్ నిల్వ చూపే క్రెడిట్ లెడ్జర్‌లో కేంద్ర పన్ను కింద 15,500, రాష్ట్ర పన్ను కింద 15,500 నిల్వ ఉంటే, రెండువైపులా 7,900 చొప్పున మొత్తం 15,800 నగదుగా చలానా కట్టాలి. కేంద్ర పన్ను క్రెడిట్‌ను రాష్ట్ర పన్నుకు వాడుకోవడం కుదరదు కాబట్టి రెండువైపుల నిల్వలను విడివిడిగా చూసుకోవాలి.

కొనుగోలు బిల్లులు దొరకని సరుకు ఉంటే, ప్రస్తుత మార్కెట్ ధర ఆధారంగా క్రెడిట్‌ను అంచనా వేసి, ఆ లెక్కకు ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ లేదా కాస్ట్ అకౌంటెంట్ చేత ధ్రువీకరణ తీసుకోవాలి. దీనికి ఖర్చు అవుతుంది. దుకాణం మూయడానికి ముందే మిగులు సరుకును మరో రిజిస్టర్డ్ వ్యాపారికి పన్ను బిల్లు మీద అమ్మేయడం ఇంతకన్నా మేలు. ఆ పన్ను ఆయనకు క్రెడిట్‌గా దక్కుతుంది కాబట్టి బేరం కుదరడం సులువు, మన చేతిలో సరుకు మిగలదు కాబట్టి ఈ లెక్కంతా చిన్నదైపోతుంది.

ఈ మొత్తాన్ని దరఖాస్తుకు ముందే కట్టి తీరాలా అనే సందేహం చాలామందికి వస్తుంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 అక్టోబరు 26న ఇచ్చిన 69వ నంబరు సర్క్యులర్ దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చింది. ముందే కట్టడం దరఖాస్తుకు షరతు కాదు, రద్దు తర్వాత చివరి రిటర్ను GSTR-10 వేసేటప్పుడు కూడా కట్టవచ్చు. చేతిలో డబ్బు ఉంటే మాత్రం దరఖాస్తుతోనే కట్టి లేఖలో ఆ విషయం రాయడం మేలు, అధికారికి అడగడానికి ఏమీ మిగలదు.

పోర్టల్‌లో దరఖాస్తు

లాగిన్ అయ్యాక ఈ దారిలో వెళ్లాలి:

```
Services > Registration > Application for Cancellation of Registration
```

మొదటి పేజీలో ఇకపై ఉత్తరాలు రావాల్సిన చిరునామా అడుగుతుంది. చాలామంది దీన్ని పట్టించుకోకుండా దుకాణం చిరునామానే ఉంచేస్తారు. ఖాళీ చేసిన దుకాణానికి వచ్చే నోటీసు ఎవరి చేతికీ అందదు. ఇంటి చిరునామా ఇవ్వండి. దరఖాస్తుకు ముందే మరో సంగతి చూసుకోవాలి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న మొబైల్ నంబరు, ఈమెయిల్ ఎవరివి? చిన్న వ్యాపారుల విషయంలో అవి తరచుగా పాత అకౌంటెంటువే అయి ఉంటాయి. వ్యాపారం మూశాక ఆయనతో సంబంధం తెగిపోతే, ఓటీపీలు, నోటీసులు అన్నీ ఆయన ఫోన్‌కే పోతుంటాయి. సవరణ దరఖాస్తు పెట్టి ముందుగా మీ సొంత నంబరుకు మార్పించుకోండి.

రెండో పేజీలో కారణంగా వ్యాపారం మూసివేతను ఎంచుకుని, రద్దు తేదీ వేసి, సరుకు విలువ, దాని మీద పన్ను, చెల్లింపు వివరాలు నింపాలి. చివరి పేజీలో ఓటీపీతో ధ్రువీకరిస్తే దరఖాస్తు నంబరు, అంటే ఏఆర్‌ఎన్, మొబైల్‌కు, ఈమెయిల్‌కు వస్తుంది. ఆ క్షణం నుంచి మీ రిజిస్ట్రేషన్ సస్పెన్షన్‌లో ఉన్నట్లు పోర్టల్‌లో కనిపిస్తుంది. ఇది శిక్ష కాదు. 21ఏ నిబంధన ప్రకారం దరఖాస్తు పెట్టిన తేదీ, రద్దు కోరిన తేదీ, రెండింటిలో ఏది తర్వాత వస్తే దాని నుంచి రిజిస్ట్రేషన్ దానంతటదే ఆగుతుంది. ఆ కాలానికి రిటర్నులు వేయనక్కరలేదు, పన్ను బిల్లు మాత్రం ఒక్కటి కూడా రాయకూడదు.

లేఖ

ఏఆర్‌ఎన్ చేతికి వచ్చాకే లేఖను పూర్తి చేయాలి. ఎవరికి రాయాలో మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో, పోర్టల్‌లోని మీ ప్రొఫైల్‌లో ఉంటుంది. మీ ఫైలు రాష్ట్ర పరిధిలో ఉంటే సర్కిల్ కార్యాలయానికి, కేంద్ర పరిధిలో ఉంటే రేంజ్ సూపరింటెండెంటుకు రాయాలి. రాష్ట్ర కార్యాలయానికి తెలుగులో రాయవచ్చు. కేంద్ర రేంజ్ కార్యాలయానికైతే ఇదే విషయాన్ని ఇంగ్లీషులో రాయడం సులువైన పని. ఉదాహరణలోని వ్యాపారి లేఖ ఇలా ఉంటుంది:

> తెనాలి,
> 24 నవంబరు 2025
>
> అసిస్టెంట్ కమిషనర్ (స్టేట్ ట్యాక్స్) గారికి,
> ………… సర్కిల్.
>
> విషయం: వ్యాపారం మూసివేసినందున 31-10-2025 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయవలసిందిగా వినతి.
> సూచిక: జీఎస్టీఐఎన్ 37…………, REG-16 దరఖాస్తు, ఏఆర్‌ఎన్ …………, తేదీ 22-11-2025.
>
> ఆర్యా,
>
> నేను పై జీఎస్టీఐఎన్‌తో తెనాలిలో ………… అనే పేరుతో ఎలక్ట్రికల్ వస్తువుల చిల్లర వ్యాపారం చేస్తూ వచ్చాను. 30-10-2025న చివరి అమ్మకం చేసి, 31-10-2025 నుంచి వ్యాపారాన్ని పూర్తిగా మూసివేశాను. నా చివరి అమ్మకం బిల్లు నంబరు …………, తేదీ 30-10-2025. ఈ రిజిస్ట్రేషన్ కింద నాకు వేరే శాఖ గానీ గోదాము గానీ లేదు.
>
> అక్టోబరు 2025 వరకు GSTR-1, GSTR-3B రిటర్నులు అన్నీ దాఖలు చేసి పన్ను చెల్లించాను.
>
> 30-10-2025 నాటికి మిగిలిన సరుకు కొనుగోలు విలువ రూ. 2,40,000. దాని మీద చెల్లించవలసిన మొత్తం రూ. 43,200. కంప్యూటర్, ప్రింటర్ మీద చెల్లించవలసిన మొత్తం రూ. 3,600. మొత్తం రూ. 46,800లో రూ. 31,000 క్రెడిట్ లెడ్జర్ నుంచి, రూ. 15,800 నగదు లెడ్జర్ నుంచి చెల్లించాను. సరుకు జాబితా, లెక్క జతచేశాను.
>
> దుకాణాన్ని భవన యజమానికి ఖాళీ చేసి అప్పగించాను. ఇకపై ఉత్తరాలు, నోటీసులు ఈ క్రింది నా ఇంటి చిరునామాకు పంపవలసిందిగా కోరుతున్నాను.
>
> రద్దు ఉత్తర్వు అందిన తర్వాత చివరి రిటర్ను GSTR-10ను గడువులోగా దాఖలు చేస్తాను. రద్దుకు ముందు కాలానికి సంబంధించి చట్టప్రకారం తేలే బాధ్యత నాపై ఉంటుందని నాకు తెలుసు.
>
> కావున నా రిజిస్ట్రేషన్‌ను 31-10-2025 నుంచి రద్దు చేస్తూ ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.
>
> ఇట్లు,
> (సంతకం)
> యజమాని పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు
>
> జతపరచినవి: REG-16 రసీదు, సరుకు జాబితా, చివరి బిల్లు నకలు, చెల్లింపు వివరాలు, ఖాళీ చేసినట్లు భవన యజమాని ఇచ్చిన లేఖ.

ఈ లేఖలో నష్టాల కథ, ఆరోగ్య కారణాలు, మార్కెట్ పరిస్థితి లేకపోవడం గమనించండి. మూయడానికి కారణాన్ని నిరూపించమని చట్టం అడగదు, మూసినట్లు చూపితే చాలు. చివరి బిల్లు నంబరు, భవన యజమాని లేఖ ఆ పని చేస్తాయి. అధికారి స్థలానికి వచ్చి చూసినా, దుకాణంలో అప్పటికే వేరే వ్యాపారం నడుస్తున్నా, ఖాళీ చేసిన తేదీకి కాగితం ఉంటుంది. మూసి ఉన్న షట్టర్‌ను, తీసేసిన బోర్డును ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవడం కూడా మంచిదే.

బకాయిలేవీ లేవని లేఖలో గట్టిగా రాసేయడం కొందరి అలవాటు. అలా రాయకండి. పాత సంవత్సరాల లెక్కలపై ఇంకా పరిశీలన జరగవచ్చు. 29వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం రద్దు వల్ల పాత బాధ్యత పోదు. తర్వాత ఏదైనా తేలితే ఆ వాక్యం మీకే ఎదురుతిరుగుతుంది. వేసిన రిటర్నులు, కట్టిన మొత్తాలు రాస్తే చాలు.

దరఖాస్తు తర్వాత

అధికారి 30 రోజుల లోపల REG-19 ఫారంలో రద్దు ఉత్తర్వు ఇవ్వాలి. దరఖాస్తు అసంపూర్ణంగా ఉంటే, లేదా వ్యాపారం వేరొకరికి బదిలీ అయి కొత్త సంస్థ ఇంకా రిజిస్టర్ కాకపోతే తప్ప దరఖాస్తును ఆమోదించాలనేది పైన చెప్పిన సర్క్యులర్ సారాంశం. వివరణ అడిగితే జవాబుకు ఏడు పనిదినాలే ఉంటాయి, జవాబు రాకపోతే దరఖాస్తును తిరస్కరించవచ్చు. అందుకే ఉత్తర్వు వచ్చేదాకా వారానికి రెండుసార్లయినా పోర్టల్‌లో లాగిన్ అయి చూసుకోవాలి. నోటీసు వచ్చినా ఎస్సెమ్మెస్ కనిపించకపోవచ్చు. జవాబు ఇవ్వాల్సిన చోటు ఇది:

```
Services > Registration > Application for Filing Clarifications
```

ఉత్తర్వు రాగానే మొదట చూడాల్సింది అమలు తేదీ. మీరు కోరిన 31-10-2025 కాకుండా అంతకు ముందు తేదీ వేసి ఉంటే, ఆ తేదీ తర్వాత మీరు రాసిన బిల్లులపై మీ కొనుగోలుదారులు తీసుకున్న క్రెడిట్‌కు ఇబ్బంది రావచ్చు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా సరిచేయమని కోరాలి, అవసరమైతే అప్పీలు వేయాలి.

స్వచ్ఛందంగా రద్దు చేయించుకున్న రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించే అవకాశం 30వ సెక్షన్‌లో లేదు. ఆ అవకాశం అధికారి తనంతట తాను రద్దు చేసిన సందర్భాలకే ఉంది. మళ్లీ వ్యాపారం మొదలుపెడితే కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. కొన్ని నెలలు ఆపి చూద్దాం అనుకుంటున్నవారు నిల్ రిటర్నులు వేసుకుంటూ ఉండటమే నయం.

చివరి రిటర్ను GSTR-10

రద్దు ఉత్తర్వు వచ్చాక పని అయిపోయిందనుకుని ఆగిపోయేవారే ఎక్కువ. కానీ 45వ సెక్షన్ ప్రకారం రద్దు తేదీ, ఉత్తర్వు తేదీ, వీటిలో ఏది తర్వాత వస్తే దాని నుంచి మూడు నెలల లోపల GSTR-10 వేయాలి. తెనాలి వ్యాపారికి ఉత్తర్వు 2025 డిసెంబరు 15న వస్తే, 2026 మార్చి 15 లోపల వేయాలి. సరుకు ఏమీ మిగలకపోయినా నిల్‌గా వేయాల్సిందే. ఆలస్యమైతే రోజుకు కేంద్ర, రాష్ట్ర చట్టాల కింద కలిపి 200 రూపాయలు, గరిష్ఠంగా 10,000 దాకా రుసుము పడుతుంది. నోటీసు వచ్చాక కూడా వేయకపోతే అధికారి తన అంచనాతో పన్ను నిర్ధారించవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి GSTR-10 లేదు, వారు తమ వార్షిక రిటర్ను GSTR-4 చూసుకోవాలి.

ఇందులో నింపే సరుకు వివరాలు REG-16లోనూ లేఖలోనూ ఇచ్చినవే అయి ఉండాలి. దరఖాస్తుతోనే కట్టిన మొత్తాన్ని ఇక్కడ రెండోసారి కట్టకుండా, ముందే కట్టినట్లు చూపించాలి. బిల్లులున్న సరుకు, బిల్లులు లేని సరుకు, మూలధన వస్తువులు వేర్వేరు పట్టికల్లోకి వెళ్తాయి కాబట్టి అక్టోబరు 30 రాత్రి తయారుచేసుకున్న జాబితాను అప్పుడే ఈ మూడు భాగాలుగా రాసుకుంటే ఇక్కడ పని తగ్గుతుంది.

నగదు లెడ్జర్‌లో డబ్బు మిగిలితే RFD-01 ఫారంలో వాపసు కోరవచ్చు. క్రెడిట్ లెడ్జర్‌లో మిగిలిన నిల్వకు మాత్రం మామూలు వ్యాపారికి వాపసు లేదు, కాబట్టి సరుకు మీద కట్టాల్సిన మొత్తానికి ముందు ఆ నిల్వనే వాడుకోవాలి. ఖాతా పుస్తకాలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వృత్తి పన్ను రిజిస్ట్రేషన్‌ను చూసేది కూడా వాణిజ్య పన్నుల శాఖే అయినా, జీఎస్టీ రద్దుతో అది రద్దు కాదు. దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.